తొందరపడ్డ వేలికి మూడు ఫ్రేముల గడువు

"బటన్ నొక్కాను, దెబ్బ మాత్రం పడలేదు." ఫైటింగ్ గేములు ఆడేవాళ్ళ నోట తరచూ వినిపించే మాట ఇది. చాలాసార్లు కంట్రోలర్ తప్పేమీ ఉండదు. బటన్ నొక్కిన సంగతి గేముకు తెలుసు. కాకపోతే ఆ క్షణంలో దాన్ని పట్టించుకునే స్థితిలో లేదు.

ఈ గేములు సాధారణంగా సెకనుకు 60 ఫ్రేముల చొప్పున నడుస్తాయి. ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ప్రతి ఫ్రేములోనూ గేము బటన్ల వైపు ఒకసారి చూస్తుంది. మన యోధుడు అప్పటికే ఒక గుద్దు విసిరి చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే, మామూలుగా కొత్త గుద్దు మొదలుకాదు.

ఒక కాంబోను ఫ్రేము ఫ్రేముగా చూద్దాం. మొదటి గుద్దు తగిలింది. మన యోధుడు 40వ ఫ్రేములో మళ్ళీ కదలగలడు. దెబ్బ తిన్నవాడు 43వ ఫ్రేము దాకా తూలుతూనే ఉంటాడు, 44లో తేరుకుంటాడు. రెండో గుద్దు మొదలైన నాలుగో ఫ్రేములో తగులుతుంది. 40లో మొదలుపెడితే 43లో, అంటే ఆఖరి క్షణంలో తగులుతుంది. 41లో నొక్కితే అది చేరేసరికి 44 అవుతుంది, ప్రత్యర్థి కాచుకుంటాడు. 39లో నొక్కితే చెయ్యి ఇంకా వెనక్కి రాలేదు కాబట్టి ఆ నొక్కుడు గాలికి పోతుంది. సరైన ఫ్రేము ఒక్కటే.

2008లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 4లో ఇలాంటి ఒక్క ఫ్రేము కాంబోలు చాలా ఉండేవి. ఆటగాళ్ళు దానికి 'ప్లింకింగ్' అనే ఉపాయం కనిపెట్టారు. బలమైన బటన్ నొక్కి, మరుసటి ఫ్రేములోనే బలహీనమైన బటన్ కూడా నొక్కితే, గేము మొదటి బటన్‌ను వరసగా రెండు ఫ్రేముల్లో నొక్కినట్టు లెక్కవేసేది. ఒక్క అవకాశం రెండయ్యేది. 2016 నాటి స్ట్రీట్ ఫైటర్ 5లో ఆ అవసరం చాలావరకు తీరిపోయింది. కాస్త ముందుగా పడిన నొక్కుడును గేమే కొన్ని ఫ్రేములు దాచి ఉంచడం మొదలుపెట్టింది. దాన్నే ఇన్‌పుట్ బఫర్ అంటారు.

బఫర్ పని వెయిటింగ్ లిస్టు లాంటిది. నొక్కిన బటన్, నొక్కిన ఫ్రేము రెండూ అందులో నమోదవుతాయి. మూడు ఫ్రేముల బఫర్ ఉందనుకుందాం. మీరు 38లో నొక్కారు. 38లో, 39లో చోటు లేదు. 40లో యోధుడు ఖాళీ కాగానే గుద్దు మొదలై 43లో తగులుతుంది. ఇప్పుడు 37 నుంచి 40 దాకా ఎప్పుడు నొక్కినా ఫలితం ఒక్కటే. 16.7 మిల్లీసెకన్ల వ్యవధి 67 అయింది. వాడిన నొక్కుడును గేము వెంటనే కొట్టెయ్యాలి. లేకపోతే ఒక్కసారి నొక్కినందుకు రెండు గుద్దులు వస్తాయి.

సొంతంగా గేము తయారుచేసేవాళ్ళను ఎక్కువగా ముప్పుతిప్పలు పెట్టేది 'హిట్‌స్టాప్'. దెబ్బ బరువు తెలిసేలా, తగిలిన క్షణంలో యోధులిద్దర్నీ కొన్ని ఫ్రేములపాటు బొమ్మల్లా నిలిపేస్తారు. సరిగ్గా ఆ సమయంలోనే చాలామంది తర్వాతి బటన్ నొక్కుతారు. యోధులు ఆగినా బఫర్ గడియారం ఆగకపోతే, వాళ్ళు కదిలేలోపే నొక్కుడు గడువు తీరిపోతుంది. దీన్ని పసిగట్టడం కష్టం కాదు. బలమైన దెబ్బలకు హిట్‌స్టాప్ ఎక్కువ కాబట్టి, చిన్న గుద్దుల తర్వాత కాంబో బాగానే సాగి, పెద్ద గుద్దుల తర్వాతే తెగుతుంటుంది. ట్రెయినింగ్ మోడ్‌లో బటన్ గుర్తు తెరమీద కనిపిస్తుంది, దెబ్బ మాత్రం రాదు. గుర్తు కూడా కనిపించకపోతే అప్పుడు కంట్రోలర్‌ను అనుమానించాలి. లోపం బఫర్‌దే అని తేలితే, హిట్‌స్టాప్ జరుగుతున్నంతసేపు దాని గడియారాన్నీ నిలిపేస్తే సరి.

అలాగని బఫర్‌ను ఇరవై ఫ్రేములకు పెంచితే మరో చిక్కు. అది సెకనులో మూడో వంతు. దెబ్బలు తింటూ కంగారులో టకటకా నొక్కినవన్నీ జాబితాలో నిలిచిపోతాయి. ఆటగాడు మనసు మార్చుకుని కాచుకోబోయే వేళకు, ఎప్పుడో నొక్కిన గుద్దు దానంతటదే బయటికొస్తుంది. ఆ గుద్దు పూర్తయ్యేదాకా కాచుకోవడం కుదరదు. అందుకే ఇది మూడు నాలుగు ఫ్రేముల దగ్గర ఉంటేనే ఆట చేతిలో ఉంటుంది.

బఫర్ ఎంత పెంచినా, తొందరపడినవాణ్ణే కాపాడుతుంది, ఆలస్యం చేసినవాణ్ణి కాదు. 41లో నొక్కినవాడికి ఇప్పటికీ ఏమీ దక్కదు, ఎందుకంటే 44లో తేరుకునే హక్కు ప్రత్యర్థిది. ఆలస్యానికీ చోటివ్వాలంటే అతను తూలే ఫ్రేములు పెంచాలి, లేదా రెండో గుద్దును వేగవంతం చెయ్యాలి. అలా చేస్తే అంతవరకు కుదరని కాంబోలు కొన్ని కొత్తగా పుట్టుకొస్తాయి. బఫర్‌తో ఆ బెడద లేదు. అది దెబ్బల కొలతలను ముట్టుకోదు, నొక్కే వేళను మాత్రమే సడలిస్తుంది.