ట్యాకిల్ పాయింట్లు చెప్పని లెక్క: కబడ్డీ డిఫెండర్ అసలు విలువను కొలవడం ఎలా?

రైడర్ కూతకు వచ్చాడు. ఎడమ కార్నర్‌లో ఉన్న ఆటగాడు ఒక్క అడుగు ముందుకు వేసి కాలు పట్టబోతున్నట్లు కదిలాడు. రైడర్ ఉలిక్కిపడి కుడి వైపు తిరిగాడు. అక్కడ కాచుకొని ఉన్న కుడి కవర్ నడుము పట్టి పడేశాడు. స్కోరర్ కుడి కవర్ పేరు ఎదురుగా ఒక పాయింటు రాశాడు. రైడర్‌ను అటు తోలిన ఎడమ కార్నర్ పేరు పక్కన మాత్రం ఏమీ పడలేదు.

కబడ్డీలో డిఫెన్స్ గణాంకాల చిక్కు మొత్తం ఈ ఒక్క కూతలోనే ఉంది. పట్టేది గొలుసు కట్టిన నలుగురైదుగురు, పాయింటు మాత్రం ఒకరి ఖాతాలోకే వెళుతుంది. ప్రో కబడ్డీలో 500 ట్యాకిల్ పాయింట్లు దాటిన తొలి డిఫెండర్ ఇరాన్‌కు చెందిన ఫజల్ అత్రాచలి. ఆయన గొప్ప డిఫెండర్ అనడంలో ఎవరికీ సందేహం లేదు. అయితే ట్యాకిల్ పాయింట్ల పట్టికలో పైనున్న ప్రతి ఒక్కరూ అదే వరుసలో గొప్పవారా అంటే, ఆ పట్టిక ఒక్కటే చూసి చెప్పలేం.

మొదటి కారణం అవకాశాల సంఖ్య. మ్యాట్ మీద ఎక్కువ సేపు నిలిచినవాడికి, ప్రత్యర్థి రైడర్లు ఎక్కువగా తన వైపు వచ్చినవాడికి పాయింట్లు ఎక్కువ దక్కుతాయి. రెండో కారణం కాస్త విచిత్రంగా ఉంటుంది. మ్యాట్ మీద ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మంది మిగిలినప్పుడు రైడర్‌ను పడితే అది సూపర్ ట్యాకిల్, దానికి రెండు పాయింట్లు. అంటే తరచూ ముగ్గురికి పడిపోయే జట్టులోనే రెండేసి పాయింట్లు తెచ్చుకునే అవకాశం ఎక్కువ. జట్టు ఎంత కష్టాల్లో ఉంటే దాని డిఫెండర్ లెక్క అంత ఉబ్బుతుంది!

విఫలమైన ప్రయత్నానికి అయ్యే ఖర్చు మూడో కారణం. పట్టు తప్పితే పట్టబోయినవాడు ఔట్. అతనికి తోడుగా దూకినవాళ్లకు రైడర్ తగిలితే వాళ్లూ ఔటే. అందుకే ఒక విఫల ట్యాకిల్ ఒకే పాయింటుతో ముగుస్తుందన్న హామీ లేదు.

వీటిని ఒక లెక్కలో పెట్టి చూద్దాం. శ్రీను, రఫీ అనే ఇద్దరు ఊహాజనిత డిఫెండర్లను తీసుకుందాం. కింది అంకెలన్నీ లెక్క చేసే పద్ధతిని చూపడానికి నేను ఎంచుకున్నవే.

శ్రీను ఎడమ కార్నర్. సీజన్‌లో 120 సార్లు ట్యాకిల్‌కు దిగాడు. 60 ఫలించాయి, అందులో నాలుగు సూపర్ ట్యాకిల్స్. కాబట్టి మొత్తం 64 పాయింట్లు. మిగతా 60 విఫలమై ప్రత్యర్థికి 78 పాయింట్లు ఇచ్చాయి, అంటే విఫలమైన ఒక్కోదానికి సగటున 1.3. రఫీ కుడి కవర్. 70 సార్లు దిగి 40 సార్లు పట్టాడు, 40 పాయింట్లు. మిగతా 30 ప్రయత్నాల్లో పోయినవి 36. పేపర్‌లో వచ్చే పట్టికలో శ్రీను 64, రఫీ 40. చాలా పెద్ద తేడా. వచ్చిన వాటి నుంచి పోయిన వాటిని తీసేస్తే శ్రీనుకు -14, రఫీకి +4. ఒక్కసారిగా బొమ్మ తిరగబడింది.

అయితే ఇక్కడే ఆగిపోతే శ్రీనుకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. భౌతికశాస్త్రంలో ఎత్తును ఎక్కడి నుంచి కొలుస్తున్నామో చెప్పకుండా స్థితిశక్తి ఇంత అని చెప్పలేం. ఇక్కడా అంతే. పట్టడానికి వెళ్లకుండా ఉంటే ఏం జరిగేది అన్న ప్రశ్నకు జవాబే మన సున్నా. వెళ్లకపోయినా రైడర్ ఊరికే తిరిగిపోడు. కొన్నిసార్లు చేతితోనో కాలితోనో ఎవరినో ఒకరిని తాకుతాడు, కొన్నిసార్లు బోనస్ గీత దాటుతాడు. అలా వదిలేసిన సాధారణ కూతల్లో పదింట మూడు సార్లు రైడర్‌కు ఒక పాయింటు దక్కుతుందని, మిగతా ఏడు ఖాళీగా పోతాయని అనుకుందాం. అప్పుడు వదిలేయడం విలువ సగటున -0.3. శ్రీను దిగిన 120 సందర్భాల్లో వదిలేసి ఉంటే జట్టుకు -36 వచ్చేది. అతను -14 దగ్గర ఆపాడు, అంటే 22 పాయింట్లు మిగిల్చాడు. రఫీ దిగిన 70 సందర్భాలకు ఆ లెక్క -21. అతను +4 తెచ్చాడు కాబట్టి మిగులు 25. పట్టికలో 64, 40గా కనిపించిన ఇద్దరు నిజానికి ఇంచుమించు సమానం, ఒక పిసరు రఫీయే ఎక్కువ.

ఈ సున్నా అన్ని కూతలకూ ఒకటే కాదు. కబడ్డీ తెలిసినవాళ్లకు ఈ సంగతి ఒంట్లోనే ఉంటుంది, లెక్క కూడా అదే చెబుతుంది. పట్టే అవకాశం p అనుకుందాం. ట్యాకిల్‌కు వెళ్లడం వల్ల సగటున వచ్చేది ఇలా ఉంటుంది:

p × 1 − (1 − p) × 1.3

సాధారణ కూతలో ఇది -0.3 కంటే ఎక్కువ కావాలంటే p కనీసం 43 శాతం ఉండాలి. మ్యాట్ మీద ముగ్గురే ఉన్నప్పుడు మొదటి 1 స్థానంలో 2 వస్తుంది. అప్పుడు 30 శాతం నమ్మకం ఉన్నా దూకవచ్చు. వరుసగా రెండు ఖాళీ కూతల తర్వాత వచ్చే డూ ఆర్ డై రైడ్‌లో పరిస్థితి పూర్తిగా వేరు. పాయింటు లేకుండా తిరిగి వెళితే రైడరే ఔట్, పాయింటు డిఫెన్స్ జట్టుకు. ఇందాకటి పదింట మూడు లెక్కనే తీసుకుంటే, ఊరికే నిలబడి కాచుకోవడం విలువ +0.7 - 0.3, అంటే +0.4. దాన్ని మించాలంటే p 74 శాతం ఉండాలి. డూ ఆర్ డై రైడ్‌లో తొందరపడి దూకిన డిఫెండర్‌ను కోచ్ తిట్టడం వెనక ఉన్న అంకె ఇదే. ఇంకో విషయం కూడా గమనించాలి. 30 సెకన్లూ గొలుసు విడవకుండా నిలబడి రైడర్‌ను ఖాళీగా పంపితే జట్టుకు పాయింటు వస్తుంది కానీ ఏ డిఫెండర్ పేరు మీదా ట్యాకిల్ పాయింటు పడదు. ఓపికకు ఆ పట్టికలో గడే లేదు.

ఇంతవరకు ట్యాకిల్‌కు దిగిన సందర్భాలనే లెక్కపెట్టాం. మొదట చెప్పిన ఎడమ కార్నర్ సంగతి, అంటే పట్టకుండానే రైడర్ దారి మార్చినవాడి సంగతి, ఇందులో ఇంకా రాలేదు. దానికి ఒకటే దారి. అతను మ్యాట్ మీద ఉన్నప్పుడు వచ్చిన కూతలన్నింటి ఫలితాన్ని, లేనప్పుడు వచ్చిన వాటి ఫలితంతో పోల్చాలి.

ఈ విషయంలో కబడ్డీ మనకు మేలే చేస్తుంది. క్రికెట్‌లో ఔటైనవాడు మళ్లీ బ్యాట్ పట్టడు. ఇక్కడ ఔటైన ఆటగాడు బెంచ్‌కు వెళ్లి, తన జట్టు పాయింటు తెచ్చినప్పుడు తిరిగి వస్తాడు. ముందు ఔటైనవాడే ముందు రావాలన్నది నియమం కాబట్టి, ఎవరు ఎప్పుడు మ్యాట్ మీద ఉంటారన్నది పూర్తిగా కోచ్ చేతిలో ఉండదు. అదే మ్యాచ్‌లో, అదే ప్రత్యర్థి మీద, అతను ఉన్న కూతలూ లేని కూతలూ రెండూ దొరుకుతాయి. ప్రయోగశాలలో కూడా ఇంత చక్కటి పోలిక దొరకడం అరుదు.

కానీ ఇందులో ఒక ఉచ్చు ఉంది, చాలామంది పడేది అందులోనే. అతను లేడంటే మ్యాట్ మీద ఒక మనిషి తగ్గినట్లే. ఆరుగురితో ఆడే డిఫెన్స్ సహజంగానే ఏడుగురి డిఫెన్స్‌లా ఉండదు. పైగా బోనస్ పాయింటు ఆరుగురు లేదా ఏడుగురు ఉన్నప్పుడే వర్తిస్తుంది. కాబట్టి అతను ఉన్న ఏడుగురిని లేని ఆరుగురితో పోలిస్తే కొలిచేది అతన్ని కాదు, తలల సంఖ్యను. అతను ఉన్న ఆరుగురిని, అతను లేని ఆరుగురితోనే పోల్చాలి. అలాగే ఐదుగురిని ఐదుగురితో.

రఫీకి ఈ పోలిక చేద్దాం. అతనితో కలిపి ఆరుగురు ఉన్నప్పుడు 160 కూతలు వచ్చాయి. ప్రత్యర్థికి 64, డిఫెన్స్‌కు 40 పాయింట్లు. తేడా -24, అంటే కూతకు -0.15. అతను బెంచ్ మీద ఉండగా వేరే ఆరుగురు ఎదుర్కొన్న కూతలు 40. ప్రత్యర్థికి 22, డిఫెన్స్‌కు 6. తేడా -16, కూతకు -0.40. అంటే రఫీ ఉంటే కూతకు పావు పాయింటు లాభం. మ్యాచ్‌లో అతను 25 కూతలు ఎదుర్కొంటే దాదాపు ఆరు పాయింట్లు! సీజన్ మొత్తంలో 40 ట్యాకిల్ పాయింట్లు తెచ్చినవాడికి ఇది చాలా పెద్ద సంఖ్య.

నమ్మవచ్చా? ఒక కూత ఫలితం సాధారణంగా -1, 0, +1 మధ్య ఊగుతుంది. ఆ ఊగిసలాట సుమారు 0.8. దాన్ని కూతల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే సగటులో ఉండే అనిశ్చితి వస్తుంది. 160 కూతలకు 0.06, 40 కూతలకు 0.13. రెండూ కలిపితే తేడాలో అనిశ్చితి 0.14. మామూలుగా దానికి రెట్టింపు దూరం వరకు చూస్తాం. అప్పుడు రఫీ విలువ -0.03 నుంచి +0.53 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. బాగా ఉపయోగపడుతున్నాడనే సూచన ఉంది కానీ సున్నాను పూర్తిగా కొట్టిపారేయలేం. ఒక సీజన్‌లో లీగ్ దశలో జట్టుకు ఇరవైకి అటూ ఇటూగా మ్యాచ్‌లే కాబట్టి, ఒకే ఏడాది అంకెలతో ఇద్దరు డిఫెండర్ల మధ్య చిన్న తేడాలు తేల్చేశామనేవారిని నేనైతే నమ్మను. ఇలాంటప్పుడు గణాంక నిపుణులు దొరికిన విలువను సగటు వైపు కొంత లాగుతారు. కూతలు తక్కువగా ఉంటే ఎక్కువగా, ఎక్కువగా ఉంటే తక్కువగా. రఫీ 0.25 అలా ఏ 0.12 దగ్గరో ఆగవచ్చు.

దీన్నే ఇంకో మెట్టు ముందుకు తీసుకెళితే రిగ్రెషన్ అవుతుంది. ప్రతి కూతకు ఒక వరుస రాస్తారు. మ్యాట్ మీద ఉన్న డిఫెండర్లు ఎవరు, ఎంతమంది, రైడర్ ఎవరు, అది డూ ఆర్ డై రైడేనా, ఫలితం ఎంత. వేల వరుసల నుంచి ఒక్కొక్కరి వాటాను కంప్యూటర్ విడదీస్తుంది. రఫీ ఎదుర్కొన్నవాళ్లు బలహీనమైన రైడర్లయితే ఆ తేడా కూడా ఇక్కడ సర్దుబాటవుతుంది.

విడదీయలేనిది ఒకటుంది, జంటలు. గుజరాత్ జట్టులో సునీల్ కుమార్, పర్వేష్ భైన్స్‌వాల్ కవర్ జోడీగా పేరు తెచ్చుకున్నారు. ఇలా ఎప్పుడూ కలిసే ఆడే ఇద్దరిలో ఒకరి వాటా ఎంతో ఏ సమీకరణమూ చెప్పలేదు, లాభాన్ని చెరి సగం పంచి ఊరుకుంటుంది. ఒకరు ఔటై మరొకరు మిగిలిన కూతలే అక్కడ ఆధారం. ఒకరు వేరే జట్టుకు మారినప్పుడు కొత్త ఆధారం దొరుకుతుంది, కానీ అప్పటికి చుట్టూ ఉన్నవాళ్లూ మారిపోతారు.

ఊళ్లో టోర్నమెంటుకు ఈ కంప్యూటర్ అక్కర్లేదు. నోట్‌బుక్‌లో కూతకు ఒక గీత చొప్పున నాలుగు విషయాలు రాస్తే చాలు. మ్యాట్ మీద ఎవరున్నారు, రైడర్ ఏ వైపు వెళ్లాడు, మొదట కదిలినవాడు ఎవరు, చివరికి పాయింటు ఎటు పడింది. మూడోది కళ్లతో చూసి రాయాల్సిందే, దాన్ని ఏ స్కోర్‌షీటూ ఇవ్వదు. ఆ గడి నిండటం మొదలయ్యాక, మొదటి కూతలోని ఎడమ కార్నర్ పేరు పక్కన కూడా ఒక గీత పడుతుంది.