మీటింగ్‌కి రాలేనని చెప్పడం ఎలా?

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అనుకుందాం. పేమెంట్ పేజీని పరీక్షించే టెస్టర్‌కి సోమవారం ఒక ఇన్విటేషన్ వచ్చింది. బుధవారం మధ్యాహ్నం గంటసేపు రిపోర్టుల డిజైన్ మీద చర్చ. పిలిచింది పక్క టీమ్ మేనేజర్. అజెండా అంతా స్క్రీన్ల గురించే. అక్కడ ఆమె చెప్పాల్సింది దాదాపు ఏమీ లేదు.

ఇలాంటప్పుడు చాలామంది వెళ్లి, కెమెరా ఆపేసి కూర్చుంటారు. అమెరికాలో మీటింగ్‌ల మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ స్టీవెన్ రోగెల్‌బర్గ్ 2022లో ఉద్యోగులను అడిగితే, వచ్చిన ఆహ్వానాల్లో 31 శాతం వద్దనుకుంటున్నామని చెప్పారు. నిజంగా వద్దన్నది మాత్రం 14 శాతమే. పిలిచినవాళ్లు నొచ్చుకుంటారేమోనన్న భయం అంత బలమైనది.

ఆ భయంలోంచే "టైమ్ లేదండీ" అన్న జవాబు పుడుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా నొప్పించేది అదే. స్నేహితుల మధ్య పిలుపులపై అమెరికాలో జరిగిన అధ్యయనాల్లో, డబ్బు లేదన్నవాళ్లకంటే టైమ్ లేదన్నవాళ్ల మీదే నమ్మకం ఎక్కువగా తగ్గింది. టైమ్ మన చేతిలో ఉండేదే కదా, నాకు కేటాయించలేదని అవతలివాళ్లు అనుకుంటారు. ఆఫీసులోనూ అంతే.

అందుకే టెస్టర్ తన తీరిక ఊసెత్తకుండా చర్చ గురించి రాయాలి. సోమవారమే, ఇలా:

"నమస్తే అండీ. రిపోర్టుల డిజైన్ అజెండా చదివాను. అంశాలన్నీ స్క్రీన్ల గురించే కాబట్టి నా వల్ల పెద్దగా ఉపయోగం ఉండకపోవచ్చు. రీఫండ్‌లు రిపోర్టులో ఎలా కనిపించాలన్నది మాత్రం మాకు ముఖ్యం. దాని మీద మా టీమ్ అభిప్రాయం రేపు సాయంత్రంలోగా రాసి పంపుతాను. ఆ ప్రస్తావన వచ్చినప్పుడు నేను కావాలంటే చాట్‌లో పిలవండి, వెంటనే జాయిన్ అవుతాను."

అజెండా చదివిందని, ఒక అంశం ఆమెకు పట్టిందని ఇందులో తెలిసిపోతుంది. అవసరమైతే పిలిచే వీలు కూడా మేనేజర్‌కి మిగిలింది. ఈ మెసేజ్ వెళ్లాకే క్యాలెండర్‌లో డిక్లైన్ నొక్కాలి. మాటా పలుకూ లేకుండా ముందే నొక్కేస్తే ఆయనకు చేరేది తిరస్కారం ఒక్కటే. ప్రతి వారం జరిగే మీటింగ్ అయితే ఆ ఒక్క రోజుదే వద్దంటున్నారో, మొత్తం సిరీస్‌నో చూసుకుని నొక్కాలి.

అజెండాయే లేకపోతే? ముందే కాదనకూడదు. "ఈ చర్చలో నా వైపు నుంచి ఏం కావాలండీ?" అని అడగాలి. టీమ్ జాబితా మొత్తాన్ని ఒకేసారి చేర్చేసిన ఆర్గనైజరైతే, మీరు రానక్కర్లేదని తానే చెప్పవచ్చు.

అన్ని మీటింగ్‌లకూ ఇది పనికిరాదు. మన ఒప్పుకోలు లేకుండా నిర్ణయం ఆగిపోయేచోటికి వెళ్లి తీరాలి. క్లయింట్ పిలిస్తే ముందు మన మేనేజర్‌తో మాట్లాడాలి.

ఇక మంగళవారం సాయంత్రానికి ఆ రీఫండ్‌ల నోట్ మేనేజర్‌కి చేరాలి. అది రాకపోతే, తర్వాతిసారి ఎంత మర్యాదగా రాసినా దాన్ని ఆయన తప్పించుకోవడం కిందే లెక్కేస్తారు.