క్యాష్‌బ్యాక్ లెక్క ఎక్కడ తగ్గింది?

ఆన్‌లైన్ కొనుగోళ్లపై 5 శాతం, నెలకు గరిష్ఠంగా 1,000 రూపాయలు ఇచ్చే కార్డు ఉందనుకుందాం. ఫోన్‌కొచ్చిన మెసేజ్‌లు కూడితే ఖర్చు 24,000. అంటే 1,200 లెక్కకొచ్చినా పరిమితి వల్ల 1,000 రావాలి. స్టేట్‌మెంట్‌లో మాత్రం 500 ఉంది.

ముందు షరతుల్లో మినహాయింపులు చూడాలి. అద్దె, పెట్రోలు, వాలెట్‌లో వేసిన డబ్బు చాలా కార్డుల్లో లెక్కకు రావు. ఇక్కడ అద్దె 8,000, పెట్రోలు 2,000 తీసేస్తే మిగిలేది 14,000. అందులో 3,000 చీర వెనక్కి పంపారు; రీఫండ్‌పై క్యాష్‌బ్యాక్ ఉండదు. మిగిలిన 11,000కి 550 రావాలి.

ఇంకా 50 తేడా. 12న బిల్లు తయారయ్యే కార్డులో 11న కొన్న 1,000 రూపాయల వస్తువు ఖాతాలో 13న నమోదైంది. చాలా బ్యాంకులకు లెక్క నమోదైన తేదీదే కాబట్టి ఆ 50 వచ్చే నెల చూసుకోవాలి.

ఒక చిక్కుంది. ఖర్చు ఏ కోవలోకి వస్తుందో తేల్చేది దుకాణానికి కేటాయించిన కేటగిరీ కోడ్. బంకులో బిస్కెట్లు కొన్నా అది ఇంధనంగానే పడొచ్చు. ఇవన్నీ సరిచూశాకా తేడా మిగిలితే లావాదేవీ తేదీ, మొత్తం, షరతుల ప్రతి జతచేసి బ్యాంకుకు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు.