నీలం టిక్కులు పడ్డాయి సరే, పని ఎవరిది?

విజయవాడలో నాకు తెలిసిన ఒక జీఎస్టీ కన్సల్టెంట్ ఆఫీసు ఉంది. యజమాని కాక నలుగురు పనిచేస్తారు. ఒక నెల 18వ తేదీ సాయంత్రం ఆయన వాట్సాప్ గ్రూపులో, "హార్డ్‌వేర్ షాపు వాళ్ల కొనుగోలు బిల్లులు తెప్పించి 3బి వేసేయండి" అని పెట్టి ఊరెళ్లారు. నలుగురూ చూశారు. ఆ షాపు లెక్కలు చూసేది సీనియర్ మేడమ్ కాబట్టి ఆవిడే చూసుకుంటారని కుర్రాళ్లు అనుకున్నారు. బిల్లులు తెచ్చేది కుర్రాళ్లు కాబట్టి అవి తన టేబుల్ మీదికి వస్తాయని ఆవిడ ఎదురుచూశారు.

20వ తేదీ గడువు దాటిపోయింది. 22న షాపాయన ఫోన్ చేస్తే గానీ సంగతి బయటపడలేదు. అప్పటికప్పుడు రిటర్న్ వేశారు. రోజుకు 50 చొప్పున రెండు రోజులకు 100 రూపాయల ఆలస్య రుసుము. కట్టాల్సిన పన్ను 1,20,000 మీద ఏటా 18 శాతం లెక్కన రెండు రోజుల వడ్డీ ఇంకో 118. ఆ 218 రూపాయలూ ఆఫీసే పెట్టుకుంది. పోయింది డబ్బు కాదు. ఆ షాపాయన మరుసటి నెల నుంచి 15వ తేదీకే "వేశారా? వేశారా?" అని రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టారు.

ఇక్కడ బద్ధకస్తులెవరూ లేరు. తప్పంతా టిక్కుల్ని జవాబనుకోవడంలో ఉంది. రెండు బూడిదరంగు టిక్కులంటే మెసేజ్ ఫోన్‌కు చేరిందని అర్థం. గ్రూపులో అవి నీలంగా మారితే సభ్యులంతా దాన్ని తెరిచారని అర్థం. తెరిచినవాళ్లకు అర్థమైందా, ఒప్పుకున్నారా అన్నది టిక్కు చెప్పలేదు. ఎంత ఎక్కువమంది చూస్తే, ఇంకొకరు చేస్తారులే అనే ధీమా అంత పెరుగుతుంది.

రైల్వేవాళ్లు ఈ చిక్కును ఎప్పుడో గుర్తించారు. ఇంటర్‌లాకింగ్ లేని లెవల్ క్రాసింగ్ గేటు దగ్గర బండి వస్తోందని స్టేషన్ మాస్టర్ ఫోన్‌లో చెబితే, గేట్‌మన్ "సరే సార్" అంటే సరిపోదు. గేటు వేశాక తన దగ్గరున్న షీటులోంచి ఒక అంకె చెప్పాలి. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. స్టేషన్ మాస్టర్ ఆ అంకెను రాసుకుంటాడు. విన్నాను అనడం వేరు, గేటు వేశాను అనడం వేరు. ఆ తేడాను కాగితం మీదికి తెచ్చే అంకె అది.

మన ఆఫీసులకు అంకెలు అక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు. ఆ కన్సల్టెంట్ గారు ముందు తన అలవాటు మార్చుకున్నారు. ఇప్పుడు పని చెప్పేటప్పుడు ఒక్క మనిషిని ట్యాగ్ చేస్తారు, గడువు రాస్తారు, "చూడగానే జవాబివ్వండి" అని అడుగుతారు. అవతలివాళ్లు "ఓకే" అనరు. "హార్డ్‌వేర్ షాపు 3బి నేను చూస్తాను, బిల్లులు రేపు పదకొండింటికల్లా తెప్పిస్తాను" అని పనిని తిరిగి చెబుతారు. అలా చెప్పినప్పుడే పొరపాటు దొరుకుతుంది. ఒకసారి ఒక కుర్రాడు జీఎస్టీఆర్-1 అని రాస్తే, ఆయన వెంటనే "కాదమ్మా, 3బి" అని సరిదిద్దారు. అదే "ఓకే సార్" అని ఉంటే 20వ తేదీ దాకా తెలిసేది కాదు. పని పూర్తయ్యాక, రిటర్న్ దాఖలైనప్పుడు వచ్చే ఏఆర్ఎన్ నంబరును అదే మెసేజ్ కింద పెడతారు. గేట్‌మన్ చెప్పే అంకెలాంటిదే అదీ.

మొదటి నెలలో ఇది శ్రుతి మించింది. సెలవు కబురుకూ పండగ శుభాకాంక్షలకూ కూడా "నోటెడ్ సార్" వరస కట్టడంతో అసలు పనులు ఆ వరసలో మునిగిపోయాయి. అందుకే పేరు రాసిన మెసేజ్‌కే జవాబు, మిగతావాటికి అక్కర్లేదు అని తేల్చుకున్నారు. బొటనవేలు గుర్తు పెడితే చూశానని మాత్రమే అర్థం, ఒప్పుకున్నానని కాదు. రెండు గంటల్లో జవాబు రాకపోతే అడిగినవాళ్లే ఫోన్ చేస్తారు. ఆ ఫోన్‌ను నిలదీయడంగా ఎవరూ తీసుకోరు.

అన్నిటికంటే కష్టమైంది "నా వల్ల కాదండీ" అనిపించడం. పెద్దవాళ్లకు కాదని చెప్పలేక మౌనంగా ఉండిపోయే పిల్లలు మన ఆఫీసుల్లో చాలామంది. ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కేసుకోవడం పెద్దల తప్పు. "ఈరోజు కుదరదు, ఎల్లుండి చేస్తాను" అన్న కబురు సాయంత్రమే వస్తే పనిని ఇంకొకరికి ఇవ్వడానికి వ్యవధి ఉంటుంది. అందుకే అలా చెప్పినవాళ్లను కోప్పడకండి. మీ కింద పనిచేసేవాళ్లు సెలవో సాయమో అడిగినప్పుడు మీరూ అంతే వెంటనే జవాబివ్వండి.