గంట కొట్టేదాకా కదలరు

హైదరాబాద్‌కు ఒక్కరోజు కోసం వచ్చే కుటుంబాల ప్లాన్ చాలావరకు ఇలాగే ఉంటుంది: పొద్దున పదికి సాలార్‌జంగ్ మ్యూజియం, పదకొండుకి చార్మినార్, ఆపైన లాడ్‌బజార్, సాయంత్రం గోల్కొండ. కాగితం మీద అన్నీ సరిపోతాయి. సాయంత్రం నాలుగైనా గాజుల బేరమే తెగదు, కోట గేటు మూసే వేళ దగ్గర పడుతుంది.

లెక్క తప్పేది దారిలో కాదు. ఫోన్‌లోని మ్యాప్ ప్రయాణ సమయం చెబుతుంది కానీ టికెట్ వరస, బ్యాగులు అప్పగించడం, బాత్రూమ్, విడిపోయిన పిల్లల కోసం వెతుకులాట దాని లెక్కలో ఉండవు. ఐదుగురున్న కుటుంబానికి ఒక్కోచోట వీటికే అరగంట పోతుంది. అందుకే ఆటో దిగినప్పటి నుంచి మళ్లీ ఆటో ఎక్కేదాకా లెక్కేయాలి.

మ్యూజియంలో గదులతో మొదలుపెట్టాలి. సాలార్‌జంగ్‌లో ముప్పైకి పైగా గ్యాలరీలున్నాయి. గదికి ఐదు నిమిషాలే అనుకున్నా రెండున్నర గంటలు దాటుతాయి. ముసుగు రెబెకా విగ్రహంతో కలిపి ఓ ఎనిమిది గదులు ముందే ఎంచుకుంటే గంటలోపు తేలుతుంది. అసలు చిక్కు సంగీత గడియారం దగ్గర. గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట మోగిస్తుంది, అది చూడందే జనం కదలరు. ఒకటీ పదికి దాని ముందుకు చేరినవాళ్లకు యాభై నిమిషాల నిరీక్షణే. కాబట్టి గడియారం వేళను ముందు ఖాయం చేసుకుని, మిగతా గదుల్ని దానికి ముందు సర్దుకోవాలి.

కోటకు వైశాల్యం కొలమానం కాదు, మెట్లే. గోల్కొండలో బాలాహిస్సార్ దాకా సుమారు 360 మెట్లు. గుంపులో అందరికన్నా నెమ్మదిగా ఎక్కేవారి నడకే అందరి నడక. మోకాళ్ల నొప్పులున్న నానమ్మ వస్తే ఎక్కి దిగడానికే గంటన్నర, ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వినే సరదాతో కలిపి రెండుంబావు. నానమ్మ కిందే కూర్చుంటానంటే మిగిలినవాళ్లకు అరగంట కలిసొస్తుంది, అయితే పైన తీరిగ్గా ఫొటోలు దిగడం కుదరదు.

బజారు లెక్క వేరు. లాడ్‌బజార్ వీధి పొడవు నడిస్తే పది నిమిషాలే. సమయం తినేది కొనుగోళ్లు. గాజులు చేతికి సరిపెట్టి, రంగు కలిపి, బేరం తెగడానికి దుకాణానికి ఇరవై నిమిషాలు వేసుకోవచ్చు. నలుగురికి కొనాలంటే అక్కడే గంటకు పైగా. దీనికి పై హద్దు లేదు కనుక, వెనక మరేమీ లేనిచోట పెట్టడమే మేలు.

ఇవన్నీ కలిపితే రోజు తిరగబడుతుంది. ఎండ ముదరకముందే తొమ్మిదికి గోల్కొండ. పదకొండుంబావుకి బయటపడి, దారికి గంట, భోజనానికి గంట. ఒకటింబావుకి మ్యూజియం, మూడింటికి గడియారం. బయటికొచ్చేసరికి మూడున్నర, చార్మినార్ అక్కడికి దగ్గరే. ఆపైన గాజులు ఎంతసేపైనా చూసుకోవచ్చు, రాత్రి దాకా దుకాణాలుంటాయి. చౌమహల్లా ప్యాలెస్ ఈ రోజులో పట్టదు. శుక్రవారం అయితే మ్యూజియం కూడా ఉండదు, అది సెలవు.