క్షమాపణ సరే, బాట్ ఇస్తున్నదేమిటి?

జపాన్‌లో ఆన్‌లైన్‌లో కొన్న బూట్లు సరిపోక, మార్చమని చాట్‌బాట్‌ని అడిగితే తెరపై ఇలాంటి జవాబు రావచ్చు: "మోషివాకె గొజైమాసెన్. కొచిరా దెవ ఒకొతాఎ ఇతాషికనెమాసు."

మొదటి వాక్యం క్షమాపణ. అసలు సంగతి రెండో వాక్యం చివర ఉంది. 'ఇతాషిమాసు' అంటే వినయంగా 'చేస్తాను' అని. మధ్యలో 'కనె' చేరితే 'చేయలేను' అవుతుంది. అంటే ఇక్కడ జవాబు చెప్పలేనని బాట్ మర్యాదగా తప్పుకుంది.

ఇక చూడాల్సింది కింద ఉన్న బటన్లనే. 'యొకు అరు షిత్సుమోన్' నొక్కితే తరచూ అడిగే ప్రశ్నల పేజీ తెరుచుకుంటుంది, బూట్ల మార్పిడి మాత్రం మొదలవదు. 'ఒపెరేతా ని త్సునగు' అని ఉంటే అది సిబ్బందితో మాట్లాడించే దారి. పక్కన 'ఉకెత్సుకె జికాన్' కనిపిస్తే అవి వాళ్లు అందుబాటులో ఉండే వేళలు. ముందు వాటిని సరిచూసుకుని, తర్వాత ఆర్డర్ నంబరు, సైజు, కావలసిన మార్పు చిన్న వాక్యాల్లో రాయాలి.