బాతులకు చెరువు అక్కర్లేదు

పశువైద్యురాలిగా ఈ నార్త్ కెరొలైనాలో మన తెలుగువాళ్ల దగ్గర్నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఈమధ్య కోళ్ల కంటే బాతుల కబుర్లే ఎక్కువయ్యాయి. సంచికకు ఏదైనా రాయమని కమిటీవాళ్లు అడిగితే అందుకే ఈ విషయం తీసుకున్నాను. మీ ఊళ్లో బాతుల్ని ఉంచుకోనిస్తారా, హెచ్‌ఓఏ ఏమంటుంది అన్నవి మీరు కనుక్కునే ఉంటారు. ఖాకీ కాంప్‌బెల్ జాతి బాగా మేపితే ఏడాదికి 250కి పైగా గుడ్లు పెడుతుందన్న సంగతి కూడా చదివే ఉంటారు. నేను రాసేది నీళ్ల గురించి. కోళ్లు పెంచిన ధైర్యంతో బాతుల్ని తెచ్చుకున్నవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది అక్కడే.

కోడికి నీళ్లు తాగడానికే. ముక్కు తడిసేంత లోతున్న పళ్లెం పెట్టినా దానికి రోజు గడిచిపోతుంది. బాతు అలా బతకలేదు. అది తల మొత్తం ముంచి ముక్కు రంధ్రాలు, కళ్లు కడుక్కోవాలి. లేకపోతే కళ్ల చుట్టూ పుసి గడ్డకట్టి, కళ్లు వాచిపోతాయి. తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి నూనె తీసి ఈకలకు రాసుకోవడానికి కూడా స్నానం కావాలి. ఇక మేత మాటకొస్తే, పొడి గింజ నోట్లో పెట్టుకోగానే నీళ్ల దగ్గరికి పరుగెత్తుతుంది. నీళ్లు లేకుండా మేత ఒక్కటే ముందుంటే గొంతుకు అడ్డం పడుతుంది. అందుకే రాత్రి గూట్లో ఉంచితే రెండూ ఉంచండి, తీసేస్తే రెండూ తీసేయండి. పెద్ద బాతులకు ఒక రాత్రి మేతా నీళ్లూ లేకపోయినా ఏమీ కాదు. నేనైతే తీసేయమనే చెబుతాను. ఎందుకో గూడు దగ్గరికొచ్చాక చెబుతాను.

ఇదంతా విని చాలామంది పెరట్లో గొయ్యి తవ్వి, ప్లాస్టిక్ షీటు పరిచి చెరువు చేస్తారు. అక్కడే భయం. కిందటేడు ఎండాకాలం మన సంఘంలోని ఒక కుటుంబం ఐదు బాతుల్ని అలాగే పెంచింది. గుంటలోకి నీళ్లు వచ్చే దారి లేదు, పోయే దారి లేదు. ఎండకు నీళ్లు తగ్గినప్పుడు పైన పోసేవారు. అడుగున రెట్ట, రాలిన ఆకులు, మిగిలిన మేత కలిసి నల్లటి బురదగా పేరుకుంది. ఒక పొద్దున ఒక బాతు గట్టున కూర్చుని లేవలేదు. కాలు బెణికిందనుకున్నారు. సాయంత్రానికి దాని రెక్కలు వాలిపోయాయి, మెడ నిలవడం లేదు. రెండోది కుంటడం మొదలుపెట్టాక నాకు ఫోన్ చేశారు. నేను వెళ్లి గుంట తోడిస్తే బురదలో కుళ్లిన కప్ప, దాని నిండా పురుగులు కనిపించాయి.

అది బొట్యులిజం. దాన్ని కలిగించే సూక్ష్మజీవి మట్టిలో ఎక్కడైనా నిద్రపోతూ ఉంటుంది. వేడి, కుళ్లు, గాలి ఆడని చోటు మూడూ దొరికితే పెరిగి విషం పుట్టిస్తుంది. చచ్చిన జీవిని తినే పురుగుల ఒంట్లో ఆ విషం చేరుతుంది, వాటికేమీ కాదు. వాటిని తిన్న బాతుకు నరాలు పట్టు తప్పుతాయి. ముందు కాళ్లు పోతాయి, తర్వాత రెక్కలు, చివరికి మెడ. తల ఎత్తలేక జానెడు నీళ్లలోనే మునిగి చనిపోయేవీ ఉంటాయి. కోళ్లకూ ఈ జబ్బు వస్తుంది. కానీ బాతు ముక్కుతో బురద జల్లెడ పట్టి తింటుంది కాబట్టి దానికి ముప్పు ఎక్కువ. ఒక బాతు నుంచి ఇంకోదానికి ఇది అంటుకోదు. అన్నీ వరసగా పడిపోయాయంటే అన్నీ ఒకే బురద తిన్నాయని అర్థం. కాళ్లు తడబడిన రోజే బాతుల్ని అక్కడినుంచి తప్పించి, నీడలో పెట్టి, పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపిస్తే ట్యూబుతో మంచినీళ్లు ఎక్కించి కొన్నిటిని బతికించవచ్చు. ఆ ఇంట్లో మూడు మిగిలాయి.

మన కృష్ణా, గోదావరి డెల్టాల్లో బాతుల కాపరులు వరి కోతలయ్యాక వందల బాతుల్ని పొలాలకు తోలుకొస్తారు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు తిన్నాక మంద ఇంకో మడికి, ఆ తర్వాత ఇంకో ఊరికి కదిలిపోతుంది. ఒకే నీళ్లలో రోజుల తరబడి నిలవదు. ఈ జబ్బు పేరు వినకపోయినా మనవాళ్ల పద్ధతిలోనే జాగ్రత్త ఉంది. ఈసారి కోతల కాలంలో ఊరెళ్తే పిల్లల్ని ఆ మందల దగ్గరికి తీసుకెళ్లండి, కాపరితో మాట్లాడించండి. వాళ్లకున్న తెలివిడి మన పిల్లలకు అందకుండా పోకూడదు. ఇక్కడ పెరట్లో మనం మందను కదపలేం. అందుకని నీళ్లను కదపాలి.

ఐదు బాతులకు అడుగు లోతున్న వెడల్పాటి తొట్టి ఒకటి చాలు. అడుగున బిరడా ఉన్నది తీసుకుని, కంకర మీద ఎత్తుగా పెట్టండి. దిగడానికి, ఎక్కడానికి రెండు ఇటుకలు వేయండి. రోజూ సాయంత్రం బిరడా తీసేస్తే తొట్టి ఖాళీ అవుతుంది, బ్రష్షుతో రుద్ది మళ్లీ నింపితే సరి. పారబోసే నీళ్లు మంచి ఎరువు. అరటి, మునగ, సొర మొదళ్లకు పోయండి. కొత్తిమీరలాంటి పచ్చిగా తినే ఆకుల మీద మాత్రం పోయకండి, రెట్టలో సాల్మొనెల్లా ఉండొచ్చు. తాగే నీళ్లకు వేరే బకెట్టు పెట్టి, పక్కన తల దూరేంత రంధ్రాలు కోయండి. అందులోకి అవి ఎక్కి కూర్చోలేవు, తలలు మాత్రం ముంచుకుంటాయి. అడవి బాతులు వాలే చోట మేతా నీళ్లూ ఉంచకండి. 2022 నుంచి ఈ దేశంలో బర్డ్ ఫ్లూ వాటి ద్వారానే ఎక్కువగా తిరుగుతోంది.

గూడు సంగతి దీనికి పూర్తిగా ఎదురు. బయట ఎన్ని నీళ్లున్నా లోపల పొడిగా ఉండాలి. నీళ్ల గిన్నె లోపల పెడితే అర్ధరాత్రికల్లా గడ్డి ముద్దవుతుంది, అమ్మోనియా వాసన కొడుతుంది, తడి గడ్డికి పట్టిన బూజు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకే రాత్రి రెండూ తీసేయమన్నాను. కోళ్లకు కావలసిన దూలాలు, ఎత్తు మీది గుడ్ల పెట్టెలు బాతులకు పనికిరావు. అవి నేల మీదే పడుకుంటాయి. ఒక్కోదానికి నాలుగు చదరపు అడుగుల నేల, బాతుల తలకు పైన గాలి పోయే కిటికీలు, వెడల్పాటి వాలు మెట్టు ఉంటే సరిపోతుంది. చలి వాటికి పెద్ద లెక్క కాదు. రకూన్లే అసలు శత్రువులు. కోళ్ల వలలోంచి చేయి దూర్చి లాగేస్తాయి కాబట్టి అర అంగుళం కళ్లున్న గట్టి ఇనుప జాలీ బిగించండి. మామూలు గడియ కూడా తీసేస్తాయి, కొక్కెం మీద కొక్కెం ఉండాలి. చీకటి పడగానే కోళ్లు వాటంతటవే గూట్లో చేరతాయి. బాతుల్ని చాలాసార్లు తోలాలి.

బాతుపిల్లలకు కోడిపిల్లల దాణా ఒక్కటే పెట్టకండి. వీటికి నియాసిన్ అంతకంటే ఎక్కువ కావాలి, అది తగ్గితే కాళ్లు వంకరపోతాయి. దాణాలో బ్రూయర్స్ ఈస్ట్ కలపండి.

బాతులు గుడ్లు ఎక్కువగా తెల్లవారుజామునే పెడతాయి. ఎనిమిదింటి దాకా గూడు తెరవకపోతే గుడ్లు పొడి గడ్డిలో శుభ్రంగా దొరుకుతాయి. తొందరపడి వదిలేస్తే తొట్టి అడుగున వెతుక్కోవాలి. మట్టి అంటినవాటిని గుడ్డు కంటే వెచ్చటి నీళ్లతోనే కడగండి. చన్నీళ్లు పోస్తే లోపలి పదార్థం కుంచించుకుని, పైనున్న మురికిని పెంకు రంధ్రాల గుండా లోపలికి లాక్కుంటుంది.